మేడ మీద వాటాలు అద్దెకిచ్చారా? ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క ఇలా వేసుకోండి

అమలాపురం, పాలకొల్లు, తణుకు, మండపేట, ఎక్కడ చూసినా ఒక రకం ఇల్లు కనిపిస్తుంది: కింద ఇంటివాళ్ళు, పైన రెండు వాటాలు, బయట నుంచి మెట్లు, గేటుకి టూలెట్ బోర్డు. ఆ పైవాటాల అద్దె మీద ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి అడిగితే సగం మంది "ఇంటి పన్ను కడుతున్నాం కదండీ, మళ్ళీ ఇదేంటి" అంటారు. మిగతా సగం మంది రంగులు, మోటారు రిపేరు, ప్లంబరుకి ఇచ్చినవి, బ్రోకరు కమిషను, అన్నీ తీసేసి చివరికి ఏమీ మిగల్లేదంటారు. రెండూ కుదరవు. మునిసిపాలిటీకో పంచాయతీకో కట్టే పన్ను వేరు, అద్దె మీద కేంద్రానికి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ వేరు. కాకపోతే మొదటిది కడితే రెండోదానిలో కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది, ఏ వరసలో తీయాలి అన్నదే ఇక్కడ విషయం.

కింద సొంతానికి, పైన అద్దెకి ఉన్న ఇంటినే తీసుకుంటున్నాను, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే కాబట్టి. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఇంటి అద్దె లెక్క వేసే పద్ధతి మారలేదు.

ముందుగా, ఆ అద్దె ఎవరి ఆదాయం?

ఇల్లు ఎవరి పేరున ఉంటే అద్దె వాళ్ళ ఆదాయమే, ఎవరి ఫోన్‌పేకి వచ్చినా సరే. నాన్నగారి ఇల్లు అన్నదమ్ములిద్దరికీ చెరి సగం వచ్చి ఉంటే ఎవరి సగం వాళ్ళు చూపించుకోవాలి. పెద్దాయన ఒక్కడే వసూలు చేస్తున్నాడని మొత్తం ఆయన నెత్తిన పడదు, తమ్ముడు చూపించకపోతే తప్పు తమ్ముడిదే. భార్య పేరున కొన్న ఇల్లయినా డబ్బు భర్తదైతే అద్దె భర్త ఆదాయంలోనే కలుస్తుంది. పేరు మార్చినంత మాత్రాన పన్ను తప్పదని చాలామందికి తెలియదు.

పొలం కౌలు ఇందులో కలపకండి, అది వ్యవసాయ ఆదాయం, రిటర్నులో దాని చోటు వేరు. అలాగే ఖాళీ స్థలాన్ని లారీలు పెట్టుకోవడానికో ఇసుక పోసుకోవడానికో ఇస్తే వచ్చే అద్దె ఇంటి ఆదాయం కింద రాదు, ఇతర ఆదాయంలోకి పోతుంది, కింద చెప్పబోయే 30 శాతం దానికి దొరకదు. ఈ లెక్కంతా కట్టడానికీ, దాన్ని ఆనుకుని ఉన్న స్థలానికీ మాత్రమే.

రెండోది, ఏడాది అద్దె కూడండి

చేతికి వచ్చింది కాదు, రావలసింది కూడాలి. మార్చి నెల అద్దె ఏప్రిల్ మొదటి వారంలో ఇవ్వడం మన దగ్గర మామూలే. అది మార్చిదే కాబట్టి ఈ ఏడాదిలోకే వస్తుంది. బదులుగా కిందటేడు మార్చి అద్దె ఈ ఏప్రిల్‌లో వచ్చి ఉంటుంది, దాన్ని ఈ లెక్కలో వేయకండి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి కూడేవాళ్ళు సరిగ్గా ఇక్కడే తడబడతారు.

అడ్వాన్స్ తిరిగి ఇచ్చేది కాబట్టి అది అద్దె కాదు. కానీ ఖాళీ చేసేటప్పుడు "చివరి రెండు నెలలూ అడ్వాన్స్‌లో సర్దుకోండి" అంటారు చూడండి, అలా సర్దుకున్న రెండు నెలల మొత్తం అద్దె అవుతుంది, డబ్బు చేతులు మారకపోయినా. సబ్ మీటరు పెట్టి, తిరిగిన యూనిట్లకు సరిపడా కరెంటు డబ్బులు తీసుకుంటే అది అద్దెలోకి రాదు. "కరెంటు, నీళ్ళతో కలిపి ఎనిమిది వేలు" అని మాట్లాడుకుంటే మాత్రం దాన్ని విడదీయడం మీకే తలనొప్పి. మొదటే వేరువేరుగా మాట్లాడుకోవడం మేలు.

వాటా ఖాళీగా ఉన్న నెలలకు అద్దె వేయక్కర్లేదు, అయితే అది నిజంగా అద్దెకివ్వడానికే పెట్టి ఉండాలి. మొత్తం ఏడాదికి రావలసినదానికంటే మీ అద్దె తక్కువైంది ఖాళీ వల్లే అయితే, వచ్చిన అద్దెనే లెక్కలోకి తీసుకుంటారు. ఖాళీగా ఉందనడానికి రుజువు ఏమిటంటారా? ఆ వాటాకి వేరే మీటరు ఉంటే ఖాళీగా ఉన్న నెలల కరెంటు బిల్లులు దాచండి. యూనిట్లు దాదాపు లేని బిల్లును మించిన సాక్ష్యం లేదు.

ఇక అద్దె ఎగ్గొట్టినవాళ్ళ సంగతి. బాకీ ఉన్నంత మాత్రాన ఆ మొత్తాన్ని తీసేయడానికి వీల్లేదు. ఆ మనిషి ఖాళీ చేసి వెళ్ళి ఉండాలి, లేదా ఖాళీ చేయించడానికి మీరు చర్యలు మొదలుపెట్టి ఉండాలి. బాకీ వసూలుకు కోర్టు దాకా వెళ్ళి ఉండాలి, లేదా వెళ్ళినా లాభం లేదని అధికారిని ఒప్పించగలగాలి. అతను మీ ఇంకో వాటాలో ఉండకూడదు. ఇంకా పైవాటాలోనే కాపురం ఉంటూ "పండగ వెళ్ళాక ఇస్తానండీ" అంటున్నవాళ్ళ బాకీ మీ ఆదాయమే. ఇబ్బందే, కానీ రూలు అది.

మూడోది, ఇంటి పన్ను తీయండి

రూలు చిన్నదే: స్థానిక సంస్థకు ఇంటి యజమాని ఆ ఆర్థిక సంవత్సరంలో నిజంగా కట్టిన పన్ను తీయవచ్చు. మునిసిపాలిటీ అయినా పంచాయతీ అయినా ఒకటే. పంచాయతీ పరిధిలో ఉన్న ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు "మాది మునిసిపాలిటీ కాదుగా" అని వదిలేస్తుంటారు, వదలక్కర్లేదు. ఆ చిన్న వాక్యంలో మూడు మెలికలున్నాయి.

ఒకటి, తేదీ. మన మునిసిపాలిటీల్లో ఇంటి పన్ను అర్ధ సంవత్సరాల లెక్కన వస్తుంది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. రసీదు తీసి చూడండి, అసెస్‌మెంట్ నంబరు, ఏ అర్ధ సంవత్సరానికి, పన్ను ఎంత, ఆలస్యపు వడ్డీ ఎంత, కట్టిన తేదీ, అన్నీ ఉంటాయి. మనం చూడాల్సింది ఆ చివరి తేదీనే, ఏ అర్ధ సంవత్సరానిదన్నది కాదు. మూడేళ్ళ బకాయి ఒక్కసారే ఈ జూన్‌లో కడితే మూడేళ్ళదీ ఈ ఏడాదే తీసుకోవచ్చు. మార్చి 31 లోపు కట్టాల్సింది ఏప్రిల్ 2న కడితే ఈ ఏడాది లెక్కలో రూపాయి కూడా రాదు, వచ్చే ఏడాదికి పోతుంది. ఆలస్యానికి వేసిన వడ్డీ పన్ను కాదు కాబట్టి దాన్ని ఇందులో వేయకపోవడమే క్షేమం. ముందే కట్టినందుకు రిబేటు వచ్చి ఉంటే, రిబేటు పోగా కట్టిందే మీ లెక్క, డిమాండు నోటీసులో ఉన్న అంకె కాదు.

రెండు, ఎవరు కట్టారు. "ఇంటి పన్ను మీరే కట్టేసుకోండి, అద్దె అయిదు వందలు తగ్గిస్తాను" అని అద్దెకున్నవాళ్ళతో ఒప్పందం చేసుకుంటే పన్ను కట్టింది మీరు కాదు, మీకు తగ్గింపు రాదు. మీరే కట్టండి, మీ ఖాతా నుంచే కట్టండి.

మూడు, అసలు చిక్కు ఇదే. ఇల్లంతటికీ ఒకటే అసెస్‌మెంటు, ఒకటే రసీదు. కానీ కింద మీరుంటున్న భాగానికి ఆదాయం సున్నా అని చట్టమే అంటుంది, ఆ సున్నాలోంచి తీయడానికి ఏమీ ఉండదు. అంటే కింద భాగానికి కట్టిన పన్ను పనికిరాదు, పైవాటాల భాగానికి కట్టింది మాత్రమే తీయాలి. చదరపుటడుగుల నిష్పత్తిలో పంచడం సూటైన దారి. మొత్తం రసీదునీ పైన అద్దెలోంచి తీసేయడం చాలా ఇళ్ళల్లో జరుగుతున్న పని, అది తప్పు. మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉన్న వాటా పన్ను మాత్రం పూర్తిగానే వస్తుంది, ఎందుకంటే అది సొంతానికి వాడింది కాదు, అద్దెకిచ్చే వాటానే.

నాలుగోది, మిగిలినదాంట్లో 30 శాతం

అద్దెలోంచి ఇంటి పన్ను తీశాక వచ్చేది నికర వార్షిక విలువ. దాని మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్. బిల్లులు చూపించక్కర్లేదు, ఈ ఏడాది గోడకి సున్నం కూడా వేయకపోయినా 30 శాతం వస్తుంది. అలాగే వానలకి శ్లాబు కారి లక్ష రూపాయలు పెట్టి వాటర్ ప్రూఫింగ్ చేయించినా 30 శాతమే. రిపేర్లు, ఇన్సూరెన్సు, బ్రోకరు కమిషను, వాచ్‌మన్ జీతం, అన్నీ ఆ 30లోనే అయిపోయాయని ప్రభుత్వం లెక్క. గోదావరి జిల్లాల తేమకి ఇనుము తుప్పు పట్టే వేగం చూస్తే కొన్ని ఏళ్ళలో ఇది చాలదు, కొన్ని ఏళ్ళలో మిగులుతుంది.

పెన్షన్ వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కొత్త పద్ధతిలో, అంటే రేట్లూ మినహాయింపులూ తక్కువగా ఉండే న్యూ ట్యాక్స్ రెజీమ్‌లో, జీతానికీ పెన్షన్‌కీ ఉండే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ వేరు, ఇంటి అద్దెకి ఉండే 30 శాతం వేరు. ఒకటి తీసుకుంటే రెండోది పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, రెండూ వస్తాయి. ఈ 30 శాతం పాత పద్ధతిలోనూ ఉంది, కొత్త పద్ధతిలోనూ ఉంది.

ఇంటి మీద బ్యాంకు లోను ఉంటే అద్దె భాగానికి పడే వడ్డీని దీని తర్వాత తీయవచ్చు. కొత్త పద్ధతిలో మాత్రం వడ్డీ ఎక్కువై నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు.

ఒక ఇల్లు తీసుకుని లెక్క వేద్దాం

అమలాపురంలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు అనుకోండి. కింద 1,000 చదరపుటడుగులు, అందులో ఆయనా ఆవిడా ఉంటారు. పైన 1,000, దాన్ని చెరి 500గా రెండు వాటాలు చేశారు. ముందు వాటా నెలకు 7,500, ఏడాదంతా ఉన్నారు. వెనక వాటా 6,000, మే, జూన్ రెండు నెలలు ఖాళీ. లోను లేదు.

అద్దె: ముందు వాటా 90,000, వెనక వాటా పది నెలలకు 60,000, మొత్తం 1,50,000. ముందు వాటావాళ్ళ మార్చి అద్దె ఏప్రిల్ 4న వచ్చింది, అయినా ఇందులోనే ఉంది.

ఇంటి పన్ను అర్ధ సంవత్సరానికి 3,200. కిందటేడు రెండో అర్ధానిది మర్చిపోయి ఈ జూన్‌లో కట్టారు, దాంతోపాటే ఈ ఏడాది మొదటి అర్ధానిదీ కట్టారు, రెండో అర్ధానిది మార్చి 28న కట్టారు. వడ్డీ వదిలేస్తే ఈ ఏడాదిలో కట్టిన పన్ను 9,600. మేడ పైభాగం ఇంట్లో సగం కాబట్టి లెక్కలోకి వచ్చేది 4,800.

```
మొత్తం అద్దె            1,50,000
ఇంటి పన్ను (పైభాగం)     -  4,800
నికర వార్షిక విలువ       1,45,200
30 శాతం               - 43,560
పన్ను లెక్కకి వచ్చేది     1,01,640
```

వరస తారుమారు చేస్తే ఏమవుతుందో చూడండి. ముందు 1,50,000 మీద 30 శాతం, అంటే 45,000 తీసి, ఆ తర్వాత 4,800 తీస్తే 1,00,200 వస్తుంది. 1,440 తక్కువ చూపించినట్టు. మొత్తం 9,600 తీసేస్తే, వరస సరిగ్గా ఉన్నా, 98,280 వస్తుంది, 3,360 తక్కువ. పెద్ద మొత్తాలు కావు. కానీ ఏటా అదే తప్పు చేస్తే ఏటా అదే తేడా, నోటీసు వస్తే అన్నింటికీ కలిపి జవాబు చెప్పుకోవాలి.

అయిదోది, మిగతా ఆదాయంతో కలపండి

ఇంటి ఆదాయానికి విడిగా రేటు ఉండదు. మాస్టారి పెన్షన్ ఏడాదికి 4,80,000 అనుకుంటే 75,000 పోగా 4,05,000, దానికి ఈ 1,01,640 కలిపితే 5,06,640. కొత్త పద్ధతిలో 4 లక్షలు దాటినదానికి 5 శాతం లెక్కన పన్ను పడుతుంది గానీ, 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి కట్టేది సున్నా. అయితే ఆదాయం 4 లక్షలు దాటింది గనుక రిటర్ను మాత్రం వేయాలి. "పన్ను లేదు కదా, వేయడం ఎందుకు" అనేది తప్పు. ఆ సున్నా వచ్చింది రిబేటు వల్ల, రిటర్ను అవసరం లేకపోవడం వల్ల కాదు.

ఇదే ఇల్లు కాకినాడలో ఉద్యోగం చేసే కొడుకు పేరున ఉంటే కథ మారిపోతుంది. డిడక్షన్ పోగా అతని జీతం 11,50,000 అనుకోండి. అద్దె లేకపోతే రిబేటుతో పన్ను సున్నా. అద్దె కలిస్తే 12,51,640. మామూలు లెక్కన పన్ను 67,746, కానీ 12 లక్షలు కొద్దిగా దాటినవాళ్ళకి దాటిన మొత్తం కంటే ఎక్కువ పన్ను పడకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది, కాబట్టి 51,640, దాని మీద 4 శాతం సెస్సు. 12 లక్షల గీత దాటిన ఈ కొద్ది మేరలో ప్రతి రూపాయీ పన్నులోకే పోతోంది. అందుకే అతనికి ఆ 4,800 ఇంటి పన్ను చిన్న అంకె కాదు, దాని వల్ల ఆదాయంలో తగ్గే 3,360 నేరుగా పన్నులోనే తగ్గుతుంది. అతను మార్చి 28న కట్టాల్సిన 3,200 ఏప్రిల్‌కి వాయిదా వేస్తే, పైభాగం 1,600లో 30 శాతం పోగా 1,120, సెస్సుతో కలిపి 1,165 దాకా చేతి నుంచి పడుతుంది. జీతం 12 లక్షలకి అటూఇటూ ఉన్నవాళ్ళు మార్చి మూడో వారంలోనే ఇంటి పన్ను బాకీ ఉందేమో చూసుకోవాలని నేను చెప్పేది ఇందుకే.

ఆఖరుగా, రిటర్నులో నింపడం, కాగితాలు

పోర్టల్‌లో ఇంటి ఆదాయం పేజీలో రకం Let Out ఎంచుకోండి. Gross rent received/ receivable/ lettable value during the year దగ్గర 1,50,000, Tax paid to local authorities దగ్గర 4,800 వేస్తే చాలు, Annual Value, 30% of Annual Value అవే వస్తాయి. 30 శాతం మీరు ముందే తీసేసి మిగిలింది అద్దెగా వేయకండి, అది మళ్ళీ ఇంకో 30 శాతం తీస్తుంది. మాస్టారిలాంటివాళ్ళకి కింద సొంత వాటా, పైన అద్దె వాటా విడివిడిగా చూపించుకోవడం శుభ్రంగా ఉంటుంది, నేనైతే అందుకు ఐటీఆర్-1 కంటే ఐటీఆర్-2 వాడమంటాను.

అద్దెకున్నవాళ్ళు ఉద్యోగులైతే ఇంకో సంగతి. పాత పద్ధతిలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకునేవాళ్ళు ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. మీ పాన్ అడిగారంటే మీ అద్దె అంకె వాళ్ళ కాగితాల్లోకి ఎక్కుతోందని అర్థం, మీ రిటర్నులో అదే అంకె ఉండాలి. నెలకు 50,000 దాటిన అద్దె అయితే అద్దెకున్న వ్యక్తే 2 శాతం టీడీఎస్ పట్టాలి, మన వాటాలకి అది ఎలాగూ తగలదు, బ్యాంకుకో కంపెనీ ఆఫీసుకో ఇచ్చినవాళ్ళకి మాత్రం టీడీఎస్ రేటు 2 కాదు, 10 శాతం, వాళ్ళు చూసుకోవాలి.

దాచాల్సినవి ఇవి: అద్దె ఒప్పందం, అద్దె పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, తేదీ కనిపించేలా ఇంటి పన్ను రసీదులు, ఖాళీ నెలల కరెంటు బిల్లులు, పైభాగం కిందిభాగం అడుగులు రాసుకున్న ఒక కాగితం లేదా ప్లాను కాపీ. పంచాయతీలో చేత్తో రాసిచ్చే రసీదు సిరా వెలిసిపోతుంది, వచ్చిన రోజే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అసెస్‌మెంటు ఇంకా పోయిన పెద్దాయన పేరునే ఉంటే ఈ ఏడాదే పేరు మార్పు పెట్టించండి, అప్పటిదాకా కనీసం పన్ను మీ బ్యాంకు ఖాతా నుంచి కట్టినట్టు కనిపించేలా చూసుకోండి.